నూట అరవై కోట్లలో మీ చేతిది ఎంత?

"ఆర్‌సీసీ పనులు చేయించడం, లెవెల్స్ చూడడం, బార్ బెండింగ్ షెడ్యూలు తయారుచేయడం, కాంట్రాక్టర్లతో సమన్వయం." సైట్ ఇంజినీరు ఉద్యోగానికి వచ్చే రెజ్యూమేల్లో ఈ వరస తరచూ కనిపిస్తుంది. రెండేళ్ల అనుభవం ఉన్నవాడిదీ ఇదే, పన్నెండేళ్లు సైట్లలో ఎండకు నల్లబడ్డవాడిదీ ఇదే. ఇందులో అబద్ధం లేదు. కాకపోతే దేశంలో సైట్ ఇంజినీర్లందరూ చేసే పని ఇదే కాబట్టి చదివిన వాళ్లకు తెలిసింది కూడా ఏమీ లేదు.

ఆ కాగితం చివరికి చేరేది ప్రాజెక్టు మేనేజరు చేతికి. వచ్చే నెల స్లాబు పని ఎత్తుకోవాలి, మనిషి కావాలి. ఆయన వెతుక్కునేవి నాలుగే. ఎంత పని చూశాడు, ఏం కట్టించాడు, ఎవరికైనా దెబ్బలు తగిలాయా, లేబర్ కాంట్రాక్టర్లను ఎలా నడిపించాడు. ఈ నాలుగింటికీ అంకెలతో జవాబు రాయాలని ఇప్పుడు కాలేజీల్లోనూ చెబుతున్నారు. చిక్కల్లా అంకె రాశాకే మొదలవుతుంది, ఎందుకంటే ఆ అంకె మీద ఇంటర్వ్యూలో రెండో ప్రశ్న పడుతుంది.

ఒక ఇంజినీరును ఊహించుకుందాం. బీటెక్ చేసి ఆరేళ్లు. మొదట హైవే పని, తర్వాత హైదరాబాద్‌లో పడమటి వైపు కడుతున్న ఒక అపార్ట్‌మెంట్ సముదాయం. అక్కడ మూడు టవర్లు, కింద రెండు సెల్లార్లు. రెజ్యూమేలో "160 కోట్ల ప్రాజెక్టులో సైట్ ఇంజినీర్" అని రాసుకున్నాడు. నిజమే, ప్రాజెక్టు నిర్మాణ వ్యయం 160 కోట్లు. కానీ ఆ సైట్‌లో ఇంజినీర్లు చాలామంది. భూమి తవ్వించినవాడు, ప్లంబింగ్ చూసినవాడు, లిఫ్టులు పెట్టించినవాడు, అందరూ అదే 160 కోట్లు రాసుకుంటారు. అసలు 160 కోట్లంటే బిల్డరు ఖర్చా, ఫ్లాట్లు అమ్మితే వచ్చే రాబడా, తన కంపెనీకి దక్కిన కాంట్రాక్టు మొత్తమా అన్నదీ చాలామంది రాయరు. మూడూ మూడు వేర్వేరు అంకెలు.

ఇతని చేతికింద జరిగింది బి టవర్ స్ట్రక్చర్ ఒక్కటే. గ్రౌండ్ ప్లస్ 14 అంతస్తులు, అంటే మొదటి అంతస్తు స్లాబు నుంచి టెర్రస్ దాకా 15 స్లాబులు. ఒక్కో స్లాబు 9,600 చదరపు అడుగులు. మొత్తం 1,44,000. ఇందులోకి వెళ్లిన కాంక్రీటు 5,500 క్యూబిక్ మీటర్లు, స్టీలు 605 టన్నులు. కాంక్రీటు, స్టీలు, షట్టరింగ్ బిల్లులన్నీ కలిపితే పది కోట్ల దరిదాపు అనుకుందాం. 160 పక్కన 10 చిన్నగా కనబడుతుందని మనవాళ్లు దాన్ని రాయడానికి జంకుతారు. నన్నడిగితే రెండూ రాయాలి, ఒకదాని పక్కన ఒకటి. సైట్ ఎంత పెద్దదో మొదటి అంకె చెబుతుంది. అందులో ఇతని సరిహద్దు ఎక్కడో రెండోది చెబుతుంది. సరిహద్దు గీసుకున్న మనిషి మాట నమ్మబుద్ధవుతుంది.

పైగా పరిమాణాలు రాస్తే అవి ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకుంటాయి. ఈ సంగతి కొత్తవాళ్లకు పెద్దగా తెలియదు. అనుభవం ఉన్న మేనేజరు 605 టన్నులు, 5,500 క్యూబిక్ మీటర్లు అన్నవి చూడగానే మనసులో భాగించేస్తాడు. క్యూబిక్ మీటరుకు 110 కిలోల స్టీలు. అపార్ట్‌మెంట్ స్ట్రక్చర్‌కు అది నప్పే లెక్క. చదరపు అడుగుకు 4.2 కిలోలు, అదీ సరిపోయింది. అదే ఎవరైనా గొప్పకు పోయి స్టీలు 1,500 టన్నులని రాశారనుకోండి, క్యూబిక్ మీటరుకు 270 కిలోలు దాటుతుంది. మామూలు ఇళ్ల స్లాబుల్లో అంత కమ్మీ పట్టదు, పెడితే కాంక్రీటు దిగడానికి సందు ఉండదు. ఆ ఒక్క అంకెతో మిగతా రెజ్యూమే మీద కూడా నమ్మకం పోతుంది.

కట్టిన నిర్మాణాల పేర్లూ అలాగే కచ్చితంగా ఉండాలి. "బ్రిడ్జి పని చేశాను" అంటే ఏం తెలుస్తుంది? రోడ్ల పనిలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం మొత్తం పొడవు 6 మీటర్ల లోపుంటే కల్వర్టు, 60 మీటర్ల దాకా మైనర్ బ్రిడ్జి, ఆపైన మేజర్ బ్రిడ్జి. మన ఇంజినీరు హైవేలో చూసింది 18 మీటర్ల స్పాన్లు రెండున్న వంతెన. అంటే 36 మీటర్ల మైనర్ బ్రిడ్జి. దాంతోపాటు కొన్ని బాక్స్ కల్వర్టులు. అలాగే రాయాలి, పునాది ఏ రకమో కూడా చేర్చాలి. ఓపెన్ ఫౌండేషన్ మీద కట్టించినవాడికీ పైల్స్ వేయించినవాడికీ తెలిసిన విద్యలు వేరు. రోడ్లూ వంతెనల పనుల్లో ఈ తేడాకు విలువ మరీ ఎక్కువ. జాతీయ రహదారుల కన్సల్టెన్సీ పనులకు ఇంజినీర్ల వివరాలను ఇన్‌ఫ్రాకాన్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో ఎక్కిస్తారు. అక్కడ "ఇలాంటి పనిలోనే ఇన్నేళ్లు" అని టెండరు అడుగుతుంది. గల్ఫ్‌కు వెళ్లే మనవాళ్లకూ ఇది ఎదురయ్యేదే. కాంట్రాక్టర్ ఉద్యోగమిచ్చాక కూడా ఆ బయోడేటాను కన్సల్టెంట్ ఆమోదానికి పంపడం అక్కడ మామూలు.

ఇప్పుడు వేగం సంగతి. ఇతను రాసిన ఇంకో వాక్యం: "స్లాబు సైకిల్‌ను 24 రోజుల నుంచి 14 రోజులకు తగ్గించాను." ఒక స్లాబు పోసిన రోజు నుంచి పై స్లాబు పోసే రోజు దాకా పట్టే కాలమే సైకిల్. మొదటి మూడు స్లాబులకు 24 రోజుల చొప్పున 72, తర్వాతి పన్నెండింటికి 14 చొప్పున 168, మొత్తం 240 రోజులు, ఎనిమిది నెలలు. లెక్క కుదిరింది. వాక్యం బాగుంది. రెండో ప్రశ్న వచ్చేది మాత్రం సరిగ్గా ఇక్కడే.

"మీ టవర్లో పెద్ద బీమ్ స్పాన్ ఎంత?"

"ఆరున్నర మీటర్లండీ."

"ఆరు దాటింది కదా. మరి జాకీలు ఎన్ని రోజులకు తీశారు?"

కాంక్రీటుకు మన దేశంలో ప్రమాణం ఐఎస్ 456. మామూలు సిమెంటు వాడి, వాతావరణం మరీ చల్లగా లేనప్పుడు ఆరు మీటర్ల లోపు బీముల కింద జాకీలు 14 రోజులు, ఆరు దాటితే 21 రోజులు ఉంచాలని అది చెబుతుంది. స్లాబుల కింద నాలుగున్నర మీటర్ల స్పాన్ దాకా 7 రోజులు, ఆపైన 14. సైకిల్ పద్నాలుగు రోజులైతే పై స్లాబు పోసేనాటికి కింది స్లాబు వయసు కూడా పద్నాలుగే. దాని పెద్ద బీముల కింద జాకీలు ఇంకో వారం నిలబడే ఉండాలి. ఆలోగా ఆ పై అంతస్తుకు షట్టరింగ్ మొదలవుతుంది. అంటే కొన్ని రోజులపాటు మూడు అంతస్తుల్లో జాకీలు ఒకేసారి కావాలి. ఒకే సెట్టు పెట్టుకుని 14 రోజుల్లో స్లాబు వేశానంటే, కింది జాకీలు ముందే పీకేశాడని అర్థం. అది వేగం కింద లెక్కకు రాదు, నేరానికి దగ్గరగా ఉంటుంది.

మన ఇంజినీరు దగ్గర జవాబు ఉంది. నాలుగో స్లాబు ముందు అదనపు జాకీల సెట్టు తెప్పించారు. పెద్ద బీముల కిందివి వేరే రంగు పూసి, 21 రోజుల లోపు ముట్టుకోవద్దని మేస్త్రికి చెప్పారు. స్లాబును రెండు సగాలుగా చేసి పోశారు. ఎక్కడ ఆపాలన్నది స్ట్రక్చరల్ కన్సల్టెంట్ గీసిచ్చాడు. దాంతో ఒక సగంలో షట్టరింగ్ గ్యాంగు పనిచేస్తుంటే రెండో సగంలో రాడ్ బెండర్లు కమ్మీ కట్టుకున్నారు. ఒకరి కోసం ఒకరు కూర్చోవడం తగ్గింది. పది రోజులు కలిసొచ్చింది ఇక్కడే. రెజ్యూమేలో ఇదంతా పట్టదు. "అదనపు జాకీల సెట్టుతో, స్లాబును రెండు భాగాలుగా పోసి" అన్న నాలుగు మాటలు చేర్చితే చాలు, చదివే ఇంజినీరుకు మిగతాది తెలుస్తుంది.

భద్రత గురించి రాసేటప్పుడు మనవాళ్లు తడబడేది ఎక్కువ. "జీరో యాక్సిడెంట్ రికార్డు" అని బోల్డు అక్షరాల్లో రాస్తారు. ఎన్ని గంటల పనికి జీరో? అది రాయరు. ఇతని టవర్ మీద సగటున 70 మంది పనిచేశారు. రోజుకు 10 గంటలు, నెలకు 26 రోజులు, ఎనిమిది నెలలు. గుణిస్తే 1,45,600 పనిగంటలు. ఆ కాలంలో ఒక షట్టరింగ్ కార్పెంటరు రెండు మీటర్ల ఎత్తు నుంచి జారి పడ్డాడు. మణికట్టు విరిగింది, ఇరవై రోజులు పనికి రాలేదు. మర్నాడు డ్యూటీకి రాలేనంత గాయమైతే దాన్ని లాస్ట్ టైమ్ ఇంజురీ అంటారు, సైట్ భాషలో ఎల్‌టీఐ.

ప్రమాదాల రేటు కట్టడానికి మన ఐఎస్ 3786 పది లక్షల పనిగంటలను ప్రాతిపదికగా తీసుకుంటుంది. అలా లెక్కేస్తే ఇతని రేటు దాదాపు 6.9. అమెరికా పద్ధతిలో రెండు లక్షల గంటలు ప్రాతిపదిక. ఆ లెక్కన అదే ప్రమాదం 1.4 దగ్గర తేలుతుంది. అందుకే ప్రాతిపదిక చెప్పకుండా రేటు మాత్రం రాస్తే అది దేనికీ కొరగాదు. విదేశీ కంపెనీకి దరఖాస్తు పెట్టేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

అసలు లక్షన్నర గంటల పనికి రేటు కట్టడమే అతి. ఒక్క మనిషి పడితే 6.9, పడకపోతే సున్నా, మధ్యలో ఇంకేమీ లేదు. ఆ సున్నా ఎంతవరకు జాగ్రత్త వల్ల వచ్చిందో, ఎంతవరకు అదృష్టమో ఎవరూ తేల్చలేరు. చిన్న ప్రమాదాలేవీ లేకుండా అన్నీ సున్నాలే ఉన్న సైట్ రిజిస్టరును చూస్తే అనుభవజ్ఞులకు అనుమానమే వస్తుంది. చేతికి మేకు గుచ్చుకోవడం, పైనుంచి పాన పడి త్రుటిలో తప్పిపోవడం లేని సైటు ఉండదు. అవి రాయలేదంటే జరగలేదని కాదు, ఎవరూ చెప్పడం లేదని. దాచే అలవాటున్న చోట పెద్దది ఒకటి జరిగేదాకా ఏమీ తెలియదు.

కాబట్టి ఇతను రాయాల్సింది గంటలు, జరిగిన సంగతి, తర్వాత మారినది. కార్పెంటరు పడింది ఎందుకు? స్టేజింగ్ పైన నడవడానికి పలక ఒక్కటే వేశారు, దాన్నీ కట్టలేదు. అతను అంచు మీద కాలేశాడు, పలక తిరగబడింది. ఆ తర్వాత రెండేసి పలకలు వేసి రెండు కొసలా కట్టాలని, ఇంజినీరు చూసి సంతకం పెట్టేదాకా ఎవరూ పైకెక్కకూడదని పెట్టారు. "1.45 లక్షల పనిగంటలు, ఒక ఎల్‌టీఐ, ఆ తర్వాత స్టేజింగ్‌కు సంతకం పద్ధతి, మిగిలిన ఆరు నెలల్లో మళ్లీ లేదు" అని రాస్తే ఉద్యోగం పోతుందేమోనని భయం సహజం. కొన్నిచోట్ల పోతుంది కూడా. నిజాయితీని మెచ్చుకునే మేనేజర్లే అన్నిచోట్లా ఉండరు. అంత ధైర్యం లేకపోతే గంటలు, పెట్టిన పద్ధతి రాసి, ప్రమాదం సంగతి అడిగినప్పుడు ఉన్నదున్నట్టు చెప్పొచ్చు. లేని సున్నా మాత్రం రాయకూడదు. హైదరాబాద్‌లో పాత ప్రాజెక్టు మేనేజరుకు ఒక్క ఫోను కొడితే విషయం బయటపడుతుంది.

ఇంకొకటి. సైట్ మొత్తానికి సేఫ్టీ ఆఫీసరు వేరే ఉంటాడు. గేటు దగ్గర బోర్డు మీద రాసే లక్షల పనిగంటలు ఆయన విభాగం లెక్క. వాటిని ఇంజినీరు తన పేరున రాసుకోవడం 160 కోట్లు రాసుకోవడం లాంటిదే.

ఇక కాంట్రాక్టర్లు. "సమన్వయం" అనే మాట రెజ్యూమేలో అన్నిటికంటే అరిగిపోయింది. సైట్‌లో దాని రూపం వేరు. స్లాబు మీద కింది జాలి కమ్మీ కట్టాక ఎలక్ట్రికల్ పైపులు పరచాలి, ఆ తర్వాత పై కమ్మీ. ఎలక్ట్రీషియన్లు ఒక పూట ఆలస్యమైతే రాడ్ బెండర్లు ఖాళీగా కూర్చుంటారు, వాళ్ల కాంట్రాక్టరు ఆ పూట కూలి అడుగుతాడు. రెడీమిక్స్ వాళ్లకు ఇచ్చిన బుకింగ్ రద్దవుతుంది. తప్పు ఎవరిదని ముగ్గురూ ఇంజినీరు వైపు చూస్తారు. రోజూ సాయంత్రం అయిదు నిమిషాలు నలుగురు మేస్త్రిలనూ నిలబెట్టి రేపు పొద్దున ఏ సగం ఎవరిదో చెప్పించడం సమన్వయం. జరిగిన ఆలస్యాన్ని ఆ రోజే హిండరెన్స్ రిజిస్టరులో రాసి ఇద్దరి చేత సంతకం పెట్టించడం సమన్వయం.

దానికి రెజ్యూమేలో రుజువుగా నిలబడేది డబ్బు లెక్క, సరుకు లెక్క. మన ఇంజినీరు విషయంలో స్టీలు కంపెనీదే, రాడ్ బెండింగ్ కాంట్రాక్టరుది కూలి మాత్రమే. సైట్‌కు వచ్చింది 625 టన్నులు. డ్రాయింగ్ ప్రకారం స్ట్రక్చర్‌లోకి వెళ్లింది 605. చివర్న పనికొచ్చే ముక్కలు 5 టన్నులు స్టోరుకు తిరిగెళ్లాయి. మిగిలిన 15 టన్నులు స్క్రాప్, అంటే కట్టిన స్టీలు మీద రెండున్నర శాతం. కాంట్రాక్టులో ఒప్పుకున్నది మూడు శాతం. అది దాటితే అదనపు స్టీలు ఖరీదు కాంట్రాక్టరు బిల్లులోంచి కోస్తారు, అప్పుడు గొడవ తప్పదు. ఇక్కడ గొడవ రాలేదు. స్టీలుకు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. కాంక్రీటు పోశాక దాన్ని కొలవడానికి లేదు. అందుకే ప్రతి స్లాబుకూ పోయడానికి ముందే కాంట్రాక్టరు మనిషితో కలిసి షెడ్యూలు పట్టుకుని కమ్మీలు లెక్కపెట్టి, ఇద్దరూ సంతకాలు చేశారు. రన్నింగ్ బిల్లులు నెల నెలా కదిలాయంటే దాని వెనకున్నది ఈ సంతకాలే.

ఇదంతా కలిపితే ఇతని రెజ్యూమేలో ఆ ఉద్యోగం కింద ఉండాల్సింది ఇంతే. మామూలుగా ఇంగ్లీషులో రాసుకునేదే, ఇక్కడ తెలుగులో చూద్దాం. "హైదరాబాద్‌లో మూడు టవర్ల అపార్ట్‌మెంట్ సముదాయం, నిర్మాణ వ్యయం సుమారు 160 కోట్లు. నా బాధ్యత బి టవర్ స్ట్రక్చర్: గ్రౌండ్ ప్లస్ 14, 15 స్లాబులు, 5,500 క్యూబిక్ మీటర్ల కాంక్రీటు, 605 టన్నుల స్టీలు, సుమారు 10 కోట్ల పని, ఎనిమిది నెలలు. అదనపు జాకీల సెట్టుతో, స్లాబును రెండు భాగాలుగా పోసి సైకిల్‌ను 24 నుంచి 14 రోజులకు తెచ్చాం. 1.45 లక్షల పనిగంటలు, ఒక ఎల్‌టీఐ, ఆపై స్టేజింగ్‌కు తనిఖీ సంతకం. షట్టరింగ్, రాడ్ బెండింగ్, కాంక్రీటు కాంట్రాక్టర్ల నెలవారీ బిల్లుల కొలతలు. స్టీలు వృథా 2.5 శాతం, పరిమితి 3." ఏడెనిమిది లైన్లకు మించదు. తండ్రి పేరు, మతం, పైవన్నీ నిజమని చివర్న చేసే ప్రకటన తీసేస్తే దీనికి చోటు దొరుకుతుంది.

"తగ్గించాను" పోయి "తెచ్చాం" రావడం గమనించే ఉంటారు. జాకీలు తెప్పించడానికి డబ్బు మంజూరు చేసింది ప్రాజెక్టు మేనేజరు, స్లాబు ఎక్కడ ఆపాలో చెప్పింది కన్సల్టెంట్. అడిగితే తన వంతు ఏదో చెప్పగలిగితే చాలు.

ఈ అంకెలు ఉద్యోగం మానేసే వారం కూర్చుని వెతికితే దొరకవు. కంపెనీ ఇచ్చే అనుభవ పత్రంలో పదవి, తేదీలు తప్ప ఇంకేమీ ఉండదు. డ్రాయింగులు, బిల్లుల కాపీలు బయటికి తీసుకెళ్లడం తప్పు. సొంత డైరీలో నెలకోసారి అయిదు లైన్లు రాసుకోవడం తప్పు కాదు: ఏ స్లాబు ఏ తేదీన పోశాం, ఎంత కాంక్రీటు పట్టింది, ఎంతమంది పనిచేశారు, ఎవరి బిల్లు ఎంత, ఎవరికి ఏమైంది.

ఇక బిల్డరు దగ్గర డబ్బులు లేక మధ్యలో ఆగిపోయిన ప్రాజెక్టు ఒకటి చాలామంది ఖాతాలో ఉంటుంది. దాన్ని రెజ్యూమేలోంచి తీసేసి ఆ ఏడాదిని ఖాళీగా చూపించేవాళ్లున్నారు, పూర్తయినట్టు రాసేవాళ్లూ ఉన్నారు. అక్కర్లేదు. తొమ్మిదో స్లాబు దాకా వచ్చి పని ఆగింది, ఆగేటప్పుడు కింది జాకీలు గడువు తీరాకే తీయించాం, పైకి తేలి ఉన్న కాలమ్ కమ్మీలు తుప్పు పట్టకుండా సిమెంటు పాలు పూయించాం, స్టోరు లెక్క అప్పగించాం అని రాస్తే, అది కూడా కట్టించిన పని కిందే లెక్క.